ఎబిటా 200 కోట్లు, చేతిలో మిగిలింది ఎంత?

అందరికీ నమస్కారం. కంపెనీ ఫలితాల ప్రకటన చదివేటప్పుడు ఆదాయం వరుస దాటగానే మన కళ్లకు ఎదురయ్యే మాట ఎబిటా. ఈ త్రైమాసికంలో ఎబిటా ఇంత శాతం పెరిగింది, మార్జిన్ ఇంతకు చేరింది అని ప్రకటన పైభాగంలోనే పెద్ద అక్షరాలతో ఉంటుంది. నికర లాభం మాత్రం కొన్నిసార్లు రెండో పేజీకి వెళ్లి వెతుక్కోవలసి వస్తుంది. నేను ఈ రోజు ఒకే ఒక సంస్థ లెక్కను మీ ముందు ఉంచి, దాని ఎబిటా ఎలా పుడుతుందో, అందులోంచి నగదు ఒక్కొక్కటిగా ఏయే దారుల్లో బయటికి వెళ్తుందో చివరిదాకా వెంబడించి చూపిస్తాను. సంస్థ ఊహాజనితమే, అయితే అంకెల మధ్య ఉండే సంబంధాలు నిజమైన ఖాతాల్లో కనిపించేవే.

ముందుగా పేరులోని అర్థం. వడ్డీ, పన్ను, తరుగుదల, అమార్టైజేషన్ అనే నాలుగింటినీ తీసివేయక ముందు ఉన్న లాభమే ఎబిటా. తరుగుదల అంటే యంత్రాలు, వాహనాలు, భవనాల వంటి కంటికి కనిపించే ఆస్తుల ఖరీదును అవి పనిచేసే ఏళ్ల మీద పంచి, ఏటా కొంత చొప్పున ఖర్చుగా రాయడం. అదే పనిని సాఫ్ట్‌వేర్, లైసెన్సులు, పేటెంట్ల వంటి కంటికి కనిపించని ఆస్తుల విషయంలో చేస్తే దాన్ని అమార్టైజేషన్ అంటారు.

ఇక మన సంస్థ. ఇది లారీలతో సరుకు చేరవేసే రవాణా సంస్థ. ఏడాది ఆదాయం 1,000 కోట్లు. ఇంధనం, జీతాలు, మరమ్మతులు, బీమా, కార్యాలయ ఖర్చులు అన్నీ కలిపి 800 కోట్లు. మిగిలిన 200 కోట్లే ఎబిటా. ఈ సంస్థకు ఉన్న లారీలన్నింటినీ కొన్న ఖరీదు మొత్తం 720 కోట్లు, ఒక్కో లారీ 8 ఏళ్లు పనిచేస్తుందని అంచనా, కాబట్టి ఏడాదికి 90 కోట్లు తరుగుదల. సాఫ్ట్‌వేర్ మీద మరో 10 కోట్ల అమార్టైజేషన్ ఉంది. ఈ 100 కోట్లను తీసివేస్తే నిర్వహణ లాభం 100 కోట్లు. సంస్థకు 500 కోట్ల అప్పు ఉంది, 10 శాతం వడ్డీ చొప్పున 50 కోట్లు పోతే పన్నుకు ముందు లాభం 50 కోట్లు. 30 శాతం పన్ను, అంటే 15 కోట్లు కట్టాక నికర లాభం 35 కోట్లు. ఇప్పుడు కింది నుంచి పైకి ఎక్కి చూడండి. 35కు పన్ను 15, వడ్డీ 50, తరుగుదల, అమార్టైజేషన్ల 100 కలిపితే మళ్లీ అదే 200 వస్తుంది. ఫలితాలు చదివేటప్పుడు ఈ రెండో దారినే, అంటే నికర లాభం నుంచి పైకి ఎక్కే దారినే పట్టుకోవాలని నా సలహా. ఎందుకంటే నికర లాభం ఆడిటర్లు సంతకం చేసిన అంకె, ఎబిటా చాలా సందర్భాల్లో కంపెనీ తానే కట్టుకున్న అంకె.

ఇలా నాలుగింటినీ పక్కన పెట్టడంలో అర్థం లేకపోలేదు. ఒకే రకం లారీలు, ఒకే రకం ఖాతాదారులు ఉన్న రెండు రవాణా సంస్థలను పోల్చాలనుకుందాం. ఒకటి అప్పుతో నడుస్తోంది, మరొకటి యజమానుల సొంత పెట్టుబడితో నడుస్తోంది. ఒకటి పన్ను తక్కువగా ఉన్న చోట నమోదయింది, మరొకటి ఎక్కువగా ఉన్న చోట ఉంది. ఒకటి తన లారీలు 8 ఏళ్లు మన్నుతాయని రాసుకుంటే, మరొకటి 10 ఏళ్లని రాసుకుంది. ఈ తేడాలన్నీ నికర లాభాన్ని అటూ ఇటూ లాగేస్తాయి, కానీ సరుకు చేరవేసే పనిని ఎవరు పొదుపుగా చేస్తున్నారో అవి చెప్పవు. ఆ ఒక్క ప్రశ్న వరకు ఎబిటా నిజాయితీగా జవాబు చెబుతుంది. ఒక సంస్థను కొనాలనుకునే వారికి కూడా ఇది పనికొస్తుంది, ఎందుకంటే కొన్న తర్వాత పాత అప్పు స్థానంలో కొత్త అప్పు వస్తుంది, పాత వడ్డీతో వారికి పని లేదు. ఈ కొలమానాన్ని ప్రచారంలోకి తెచ్చిన వారిగా 1970లలో అమెరికాలో టీసీఐ అనే కేబుల్ టెలివిజన్ సంస్థను నడిపిన జాన్ మలోన్ పేరు చెబుతారు. కేబుల్ వేయడానికి ముందుగా భారీగా ఖర్చవుతుంది, దాని తరుగుదల వల్ల నికర లాభం కనిపించదు, చందాదారుల నుంచి మాత్రం నెలనెలా డబ్బు వస్తూనే ఉంటుంది. అటువంటి వ్యాపారానికి అప్పు ఇచ్చేవారు ఏ అంకె చూడాలి అన్న ప్రశ్నకు ఇది జవాబుగా వచ్చింది. 1980లలో అప్పుతో కంపెనీలను కొనే ధోరణి పెరిగాక ఈ మాట అన్ని రంగాలకూ పాకింది. కేబుల్ ఒకసారి వేస్తే చాలా ఏళ్లు ఉంటుంది. లారీ అలా ఉండదు. ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది.

తరుగుదల గురించి తరచుగా వినిపించే మాట ఒకటుంది: అది నగదుతో సంబంధం లేని ఖర్చు, పుస్తకాల్లో రాసేదే తప్ప జేబులోంచి పోయేది కాదు అని. ఈ మాటలో సగం నిజముంది. ఈ ఏడాది రాసిన 90 కోట్ల తరుగుదలకు ఈ ఏడాది ఎవరికీ చెక్కు ఇవ్వలేదు. కానీ ఆ చెక్కు లారీ కొన్న రోజునే ఇచ్చేశారు. అంటే డబ్బు ముందు వెళ్లిపోయింది, ఖర్చు తర్వాత రాస్తున్నారు. జీతం విషయంలో పని ముందు జరిగి డబ్బు తర్వాత వెళ్తుంది. దాన్ని ఖర్చు కాదని ఎవరూ అనరు. లారీకి డబ్బు ముందే చెల్లించారన్న ఒక్క కారణంతో దాని ఖర్చును లెక్కలోంచి తీసేయడం నాకు ఎప్పుడూ సమంజసంగా తోచలేదు. వారెన్ బఫెట్ తన వాటాదారులకు ఈ విషయమే పలుమార్లు చెప్పారు. పైగా లారీలను మార్చవలసిన రోజు వచ్చినప్పుడు పాత ధరకు కొత్త లారీ రాదు కాబట్టి, తరుగుదల అసలు ఖర్చు కంటే తక్కువగానే ఉండే అవకాశం ఎక్కువ.

మన సంస్థలోకి తిరిగి వెళ్దాం. దాని లారీలు ఏటా ఎనిమిదో వంతు చొప్పున కాలం తీరుతాయి. వాటిని కొన్నప్పుడు 90 కోట్లు అయింది, ఇప్పుడు అన్నే లారీలు కొనాలంటే 110 కోట్లు కావాలి. వ్యాపారం పెరగడానికి కాదు, ఉన్న చోట ఉండడానికే ఈ 110 కోట్లు అవసరం. ఇక నగదు లెక్క. 200 కోట్ల ఎబిటాతో మొదలుపెడదాం. ఆదాయంగా రాసిన 1,000 కోట్లూ చేతికి రాలేదు. ఏడాది మొదట్లో ఖాతాదారుల నుంచి రావలసిన బకాయిలు 120 కోట్లుంటే ఏడాది చివరికి 160 కోట్లయ్యాయి, అంటే 40 కోట్లు వాళ్ల దగ్గరే ఆగాయి. సంస్థ కూడా ఇంధనం సరఫరా చేసేవారికి 10 కోట్లు అదనంగా బాకీ పెట్టింది. నికరంగా 30 కోట్లు వర్కింగ్ క్యాపిటల్‌లో చిక్కుకున్నాయి. మిగిలినవి 170. పన్ను 15 కడితే 155. వడ్డీ 50 కడితే 105. కొత్త లారీలకు 110 పెడితే, ఇక్కడికే 5 కోట్లు లోటు. అప్పు అసలులో ఈ ఏడాది తీర్చవలసిన వాయిదా 40 కోట్లు ఉంది, దానితో లోటు 45 కోట్లకు చేరింది. ఎబిటా మార్జిన్ 20 శాతం అని ప్రకటించిన సంస్థ, అదే ఏడాది వాటాదారులకు ఒక్క పైసా పంచకపోయినా, 45 కోట్లు కొత్తగా అప్పు తెచ్చుకోవలసి వచ్చింది. ఇందులో మోసం ఏమీ లేదు. ప్రతి అంకె నియమాల ప్రకారమే ఉంది. ఎబిటా ఎక్కడ ఆగుతుందో అక్కడి నుంచి మొదలయ్యే దారిని మనం నడిచాము, అంతే.

అప్పు ఇచ్చేవారి దృష్టితో ఇదే లెక్కను మరొకసారి చూడాలి. రుణ ఒప్పందాల్లో సాధారణంగా అప్పు ఎబిటాకు ఎన్ని రెట్లు ఉండవచ్చో ఒక పరిమితి రాసుకుంటారు. మన సంస్థకు 500 కోట్ల అప్పు, 200 కోట్ల ఎబిటా, అంటే రెండున్నర రెట్లు. చూడటానికి భయపడవలసింది లేదు. వడ్డీ 50 కోట్లు కాబట్టి ఎబిటా దానికి 4 రెట్లు ఉంది, అదీ బాగానే ఉంది. కానీ లారీలు మార్చడానికి తప్పనిసరిగా పెట్టవలసిన 110 కోట్లను ముందే పక్కన పెట్టి చూస్తే, వడ్డీ కట్టడానికి ఉన్నది 90 కోట్లే, అది వడ్డీకి 1.8 రెట్లు. ఇదే 200 కోట్ల ఎబిటా, ఇదే 500 కోట్ల అప్పు ఉండి, ఏటా పరికరాలకు 10 కోట్లకు మించి అవసరం లేని మరో వ్యాపారమైతే ఆ నిష్పత్తి 3.8 రెట్లు వస్తుంది. ఎబిటా దగ్గరే ఆగిపోయిన వారికి ఈ రెండు సంస్థలూ కవల పిల్లల్లా కనిపిస్తాయి. బ్యాంకుల విషయంలోనైతే ఈ కొలమానమే పనికిరాదు. వారికి వడ్డీయే ముడిసరుకు, దాన్ని తీసేస్తే వ్యాపారమే కనబడదు.

ఇప్పుడు లీజుల దగ్గరకు వస్తాను. గత కొన్నేళ్లలో ఎబిటా అర్థాన్ని ఎక్కువగా కదిలించినది ఇదే కాబట్టి కొంచెం నెమ్మదిగా చూద్దాం. మన సంస్థ లారీలను కొనకుండా, అదే లారీలను ఏడాదికి 110 కోట్ల అద్దెకు కొన్నేళ్ల ఒప్పందం మీద తీసుకుందనుకోండి. పాత అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ఇటువంటి అద్దెను ఇంధనం, జీతాల పక్కనే సాధారణ ఖర్చుగా రాసేవారు. అప్పుడు ఎబిటా 200 నుంచి 110 పోగా 90 కోట్లు అయ్యేది. 2019 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన ఐఎఫ్ఆర్ఎస్ 16 అనే ప్రమాణం ఈ పద్ధతిని మార్చింది. లీజు తీసుకున్న సంస్థ ఆ లారీలను వాడుకునే హక్కును ఆస్తిగానూ, ముందుముందు కట్టవలసిన అద్దెల నేటి విలువను అప్పుగానూ బ్యాలెన్స్ షీట్‌లో చూపించాలని చెప్పింది. ఏడాదికి మించని లీజులకు, తక్కువ విలువ గల వస్తువులకు మినహాయింపు ఉంది. ఉద్దేశం మంచిదే, దాగి ఉన్న అప్పు వెలుగులోకి వచ్చింది. కానీ దాని పర్యవసానంగా లాభనష్టాల ఖాతాలో అద్దె అనే వరుస మాయమై, దాని స్థానంలో ఆ హక్కు మీద తరుగుదల, ఆ అప్పు మీద వడ్డీ అనే రెండు వరుసలు వచ్చాయి. ఈ రెండూ ఎబిటాకు కింద ఉండేవే. అంటే 90 కోట్లుగా ఉన్న ఎబిటా మళ్లీ 200 కోట్లయింది. ఒక్క లారీ మారలేదు, ఒక్క ఖాతాదారు పెరగలేదు, లారీల యజమానికి కట్టే 110 కోట్లు తగ్గలేదు.

మరో చిక్కు కూడా ఇక్కడే ఉంది. నగదు ప్రవాహ పట్టికలో కూడా ఆ అద్దెలో అసలు భాగం ఫైనాన్సింగ్ విభాగంలోకి వెళ్లిపోతుంది, కాబట్టి నిర్వహణ కార్యకలాపాల నగదు కూడా పెరిగినట్టు కనిపిస్తుంది. ఎబిటా మీద అనుమానం వచ్చి నగదు ప్రవాహాన్ని చూసి ధైర్యపడే పాఠకుడు అక్కడా పొరపడవచ్చు. లీజులు ఎక్కువగా ఉన్న విమానయాన, రిటైల్ దుకాణాల, రవాణా వ్యాపారాల్లో ఫైనాన్సింగ్ విభాగంలోని లీజు చెల్లింపుల వరుసను వెతికి పట్టుకుని, దాన్ని వడ్డీ భాగంతో కలిపి, ఎబిటాలోంచి చేత్తో తీసివేసి చూడటం తప్ప మార్గం లేదు. అమెరికా ప్రమాణాలు మరో దారి పట్టాయి. అక్కడ కూడా లీజు బ్యాలెన్స్ షీట్‌లోకి వచ్చింది, అయితే ఆపరేటింగ్ లీజుల ఖర్చును మాత్రం ఇంకా నిర్వహణ ఖర్చుల్లోనే ఒకే మొత్తంగా రాస్తారు. కాబట్టి ఒకే వ్యాపారం చేస్తూ ఒకే అద్దె కట్టే రెండు కంపెనీలు, ఒకటి అమెరికా ప్రమాణాల్లో, మరొకటి అంతర్జాతీయ ప్రమాణాల్లో లెక్కలు రాస్తే, వాటి ఎబిటాలను పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు.

ఇంతవరకు చెప్పింది నియమాలకు లోబడి జరిగేది. ఎబిటా గీతకు పైన ఉండవలసిన ఖర్చును కిందికి తోసేయాలన్న ఆశ ఎక్కడిదాకా తీసుకుపోతుందో చెప్పడానికి వరల్డ్‌కామ్ ఉదాహరణ ఒకటి చాలు. అది అమెరికాలోని పెద్ద టెలికాం సంస్థ. తన ఖాతాదారుల కాల్స్‌ను ఇతర సంస్థల లైన్ల మీదుగా పంపినందుకు ఆ సంస్థలకు చెల్లించే రుసుమును లైన్ ఖర్చులు అనేవారు. ఇది మన లారీకి పోసే ఇంధనం వంటిది, వాడిన రోజునే అయిపోయే ఖర్చు. 2001లో ఆదాయం మందగించినప్పుడు ఆ సంస్థ ఈ లైన్ ఖర్చుల్లో కొంత భాగాన్ని నెట్‌వర్క్ మీద పెట్టిన పెట్టుబడిగా, అంటే ఆస్తిగా రాయడం మొదలుపెట్టింది. ఖర్చు ఆస్తి కాగానే లాభనష్టాల ఖాతాలోంచి తప్పుకుంటుంది, తర్వాత తరుగుదల రూపంలో కొంచెం కొంచెంగా తిరిగి వస్తుంది. తరుగుదల ఎబిటాలోకి రాదు. కాబట్టి అలా మార్చిన ప్రతి డాలరూ ఎబిటాలో శాశ్వతంగా లాభంగా నిలిచిపోయింది. నికర లాభం విషయంలో ఆ ఖర్చు ఆలస్యమవుతుందే తప్ప ఎప్పటికైనా వచ్చి తీరుతుంది, ఎబిటా విషయంలో ఎప్పటికీ రాదు. ఈ తేడాను గమనించమని మనవి.

ఆ సంస్థలో అంతర్గత ఆడిట్ బాధ్యతలు చూస్తున్న సింథియా కూపర్ బృందం ఈ పద్దులను పట్టుకుంది. వాటికి ఆధారంగా చూపవలసిన కాగితాలు లేవు. 2002 జూన్ 25న సంస్థ స్వయంగా ప్రకటించింది: 2001లో సుమారు 305 కోట్ల డాలర్లు, 2002 మొదటి త్రైమాసికంలో సుమారు 80 కోట్ల డాలర్లు ఇలా మార్చారని, వాటిని సరిచేస్తే 2001 ఎబిటా 634 కోట్ల డాలర్లకు తగ్గుతుందని, ఆ కాలంలో చూపిన నికర లాభం నష్టంగా మారుతుందని. మరుసటి నెలలోనే దివాలా రక్షణకు దరఖాస్తు చేసుకుంది. తర్వాత జరిగిన విచారణల్లో తప్పుడు లెక్కల మొత్తం 1,100 కోట్ల డాలర్ల వరకు తేలింది. బయటి పాఠకుడికి ఇటువంటిది ఎలా తెలుస్తుందని మీరు అడగవచ్చు. లైన్ ఖర్చును ఆస్తిగా రాసినప్పుడు నగదు ప్రవాహ పట్టికలో అది నిర్వహణ విభాగంలోంచి పెట్టుబడి విభాగంలోకి మారుతుంది, కాబట్టి నిర్వహణ నగదు కూడా ఎబిటాతో పాటే అందంగా కనిపిస్తుంది. కానీ నిర్వహణ నగదులోంచి మూలధన వ్యయాన్ని, అంటే ఆస్తులు కొనడానికి పెట్టిన డబ్బును తీసివేసిన అంకె మాత్రం మారదు, ఎందుకంటే డబ్బు ఏ పేరుతో వెళ్లినా వెళ్లింది అంతే. ఎబిటా పెరుగుతూ ఉండగా ఈ అంకె కదలకుండా ఉన్నా, తగ్గుతున్నా, మధ్యలో ఏదో ఖర్చు ఆస్తుల్లోకి చేరుతోందేమో చూడాలి. ఇది నియమబద్ధంగా కూడా జరగవచ్చు. కొత్త సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఇంజినీర్ల జీతాలను కొన్ని షరతులకు లోబడి ఆస్తిగా రాయడానికి ప్రమాణాలే అనుమతిస్తాయి. అటువంటి సంస్థల్లో జీతాలు పెరుగుతున్నా ఎబిటా దెబ్బతినకపోవడానికి కారణం అక్కడే ఉంటుంది.

సర్దుబాటు ఎబిటా గురించి ఎక్కువ చెప్పను. నాలుగింటితో ఆగకుండా పునర్వ్యవస్థీకరణ ఖర్చులు, ఉద్యోగులకు వాటాల రూపంలో ఇచ్చే జీతం, కోర్టు ఖర్చులు వంటివి కూడా తిరిగి కలిపితే దాన్ని ఆ పేరుతో పిలుస్తారు. ఒక్కసారి వచ్చే ఖర్చు అని ప్రతి ఏడాదీ కలుపుతున్నారా లేదా అని వరుసగా నాలుగైదేళ్ల ప్రకటనలు తిరగేస్తే తేలిపోతుంది. 2018లో బాండ్లు అమ్మడానికి వచ్చిన వీవర్క్ సంస్థ తన కేంద్ర కార్యాలయ ఖర్చులను, మార్కెటింగ్ ఖర్చులను సైతం తీసేసి ఒక కొత్త పేరుతో ఎబిటా చూపింది. 2017లో ఆ సంస్థ నికర నష్టం 93 కోట్ల డాలర్లకు పైగా ఉంటే, ఆ అంకె ప్రకారం 23 కోట్ల డాలర్ల లాభం కనిపించింది. అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ మార్గదర్శకాల ప్రకారం నాలుగు అంశాలకు మించి ఏది కలిపినా దాన్ని ఉత్త ఎబిటా అని పిలవకూడదు, పైగా నికర లాభంతో సరిపోల్చే పట్టిక ఇవ్వాలి. అంతర్జాతీయ ప్రమాణాల్లో ఎబిటాకు నిర్వచనమే లేదు. 2027 జనవరి 1 నుంచి అమలయ్యే ఐఎఫ్ఆర్ఎస్ 18 కూడా దాన్ని నిర్వచించలేదు గానీ, యాజమాన్యం తానే కట్టుకుని బయట ప్రకటించే ఇటువంటి లాభపు అంకెలను ఖాతాల నోట్స్‌లో వివరించి, అవి ప్రమాణాల్లోని అంకెలతో ఎలా కలుస్తాయో చూపించాలని కోరుతోంది. ఆ నోట్స్ ఆడిట్ పరిధిలోకి వస్తాయి. ఇది నాకు ఎంతో సంతోషం కలిగించిన మార్పు.

సభలోంచి ఒక ప్రశ్న వచ్చింది. తరుగుదల కూడా యాజమాన్యం వేసే అంచనాయే కదా, మూలధన వ్యయం ఒక ఏడాది ఎక్కువ, ఒక ఏడాది తక్కువ ఉంటుంది కదా, అటువంటప్పుడు ఎబిటాను కాదని వీటిని ఎలా నమ్మాలి అని అడిగారు. చాలా సరైన ప్రశ్న. మన రవాణా సంస్థతోనే జవాబు చెబుతాను.

ఆ సంస్థ ఈ ఏడాది 110 కోట్లు పెట్టి లారీలు కొనడం మానేసిందనుకోండి. 45 కోట్ల లోటు స్థానంలో 65 కోట్లు మిగులు కనిపిస్తుంది. ఎబిటాలో మార్పు ఉండదు. మరుసటి ఏడాది కూడా కొనలేదు. కాలం తీరిన పాత లారీలు ఇంకా రోడ్డు మీదే ఉన్నాయి, కానీ వాటి మీద రాయడానికి తరుగుదల మిగల్లేదు. కాబట్టి ఆ తర్వాత ఏడాది తరుగుదల 90 కోట్ల నుంచి సుమారు 68 కోట్లకు పడిపోతుంది, దాంతో నికర లాభం పెరుగుతుంది. అంటే ఎబిటా స్థిరంగా, నికర లాభం పైకి, నగదు మిగులు పైకి, మూడూ ఆరోగ్యంగా కనిపిస్తూ ఉండగా లారీలు మాత్రం ముసలివైపోతున్నాయి. ఒక ఏడాది మూలధన వ్యయాన్ని చూసి తీర్పు చెప్పకూడదని మీరన్నది అందుకే నిజం.

దీన్ని పట్టుకోవడానికి స్థిరాస్తుల గురించిన నోట్ తెరవాలి. అందులో ఆస్తుల మొత్తం కొనుగోలు ఖరీదు ఒక వరుసలో, ఇప్పటివరకు రాసిన మొత్తం తరుగుదల మరో వరుసలో ఉంటాయి. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే ఆస్తుల ఆయుష్షులో ఎంత భాగం గడిచిపోయిందో తెలుస్తుంది. ఏటా ఎనిమిదో వంతు చొప్పున మార్చుకుంటూ వచ్చే సంస్థలో అది సగం దగ్గర నిలకడగా ఉంటుంది. మన సంస్థ రెండేళ్లు కొనడం ఆపితే 70 శాతం దాటుతుంది. దానితో పాటు, కనీసం ఒక లారీ ఆయుష్షు అంత కాలం, అంటే ఎనిమిదేళ్ల మూలధన వ్యయాన్ని కూడి, ఎనిమిదేళ్ల తరుగుదలతో పోల్చండి. వ్యాపారం పెరగని సంస్థలో కూడా మొదటిది రెండోదానికన్నా కొంత ఎక్కువే ఉండాలి, ధరలు పెరుగుతాయి కాబట్టి. తక్కువ ఉంటే కొనవలసినవి కొనకుండా నెట్టుకొస్తున్నారు. ఆ తర్వాత మరమ్మతుల ఖర్చు వరుస చూడండి. లారీల సంఖ్య పెరగకుండా అది ఏటేటా పెరుగుతూ ఉంటే, వాయిదా వేసిన ఖర్చు ఎబిటాలోకే మరో దారిన వచ్చి చేరుతోందని అర్థం. అప్పటికి రెండు మూడేళ్లు గడిచి ఉంటాయి, అప్పుడు కొనవలసింది ఒక ఏడాది లారీలు కాదు, మూడేళ్ల లారీలు.